పథకం జిల్లాది, శాంపిల్ ఊరిది: క్లస్టర్ ఎక్కడ చేయాలి?

ప్రశ్న: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మహిళల డేటా తీసుకుని రక్తహీనత మీద రిగ్రెషన్ చేస్తున్నానండీ. నా ముఖ్యమైన వేరియబుల్ ఒక పోషకాహార పథకం, అది కొన్ని జిల్లాల్లో ముందుగా మొదలైంది. పీఎస్‌యూ, అంటే శాంపిల్‌గా ఎంచిన ఊరు లేదా పట్టణ బ్లాకు, దగ్గర క్లస్టర్ చేస్తే మూడు స్టార్లు వస్తున్నాయి. జిల్లా దగ్గర చేస్తే ఒక్కటీ మిగలట్లేదు. రాష్ట్రం దగ్గర చేస్తే మాత్రం స్టాండర్డ్ ఎర్రర్ అన్నిటికన్నా చిన్నగా వస్తోంది! గైడ్ గారు పీఎస్‌యూ అంటున్నారు, రివ్యూయర్ జిల్లా అంటున్నారు. తర్వాత ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4 కూడా కలపాలని ఉంది. ఎవరి మాట వినాలి?

సమాధానం:

పథకం కోఎఫిషియంట్ విషయంలో రివ్యూయర్ మాటే సరి: జిల్లా. రాష్ట్రం దగ్గర వచ్చిన అంకెను పక్కన పడేయండి, దానికి అర్థం లేదు. అలాగని మీ గైడ్ గారు తప్పు చెప్పలేదు. ఆయన శాంపిల్‌ను చూసి మాట్లాడుతున్నారు, రివ్యూయర్ పథకాన్ని చూసి మాట్లాడుతున్నారు. క్లస్టర్ స్థాయి తేల్చుకోవడానికి ఈ రెండూ అడగాలి: మనుషులను శాంపిల్‌లోకి ఎలా ఎంచారు? మీరు ప్రభావం కొలుస్తున్న విషయాన్ని ఏ స్థాయిలో పంచారు? ఈ రెంటిలో ఏది పెద్ద యూనిట్ అయితే అక్కడ క్లస్టర్ చేయాలి.

ముందు శాంపిల్ సంగతి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో ప్రతి జిల్లానూ గ్రామీణం, పట్టణం అని విడదీసి, గ్రామీణ భాగాన్ని ఊరి జనాభాను బట్టి, ఎస్సీ ఎస్టీల శాతాన్ని బట్టి మళ్లీ స్ట్రాటాలుగా చేశారు. ప్రతి స్ట్రాటంలోనూ 2011 జనాభా లెక్కల జాబితా నుంచి ఊళ్లను, పట్టణాల్లో అయితే ఎన్యూమరేషన్ బ్లాకులను ఎంచుకున్నారు. అవే పీఎస్‌యూలు. ఎంపికైన చోట ఇళ్లన్నీ నమోదు చేసి, వాటిలోంచి 22 ఇళ్లు తీశారు. ఊరు మరీ పెద్దదైతే ముందు ముక్కలుగా చేసి రెండు ముక్కలు మాత్రమే తీసుకున్నారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. జిల్లాలను శాంపిల్ చేయలేదు. సర్వే లెక్క ప్రకారం ఆంధ్రలోని 13 జిల్లాలూ, తెలంగాణలోని 31 జిల్లాలూ అన్నీ డేటాలో ఉన్నాయి. లాటరీ పడింది ఊళ్ల మీద. వేరే ఊళ్లు పడి ఉంటే అంకె వేరేగా వచ్చేది, ఆ అనిశ్చితి పీఎస్‌యూ స్థాయిది. ఒకే ఊరి మహిళలకు నీళ్లు ఒకటే, రేషన్ షాపు ఒకటే, ఏఎన్‌ఎం ఒకరే. ఒకే కుండలోంచి 22 మెతుకులు పట్టి చూస్తే 22 కుండలు చూసినట్టు కాదు కదా. మీరు రక్తహీనత ఎంత శాతం ఉందో చెప్పాలన్నా, మహిళ చదువుకూ రక్తహీనతకూ ఉన్న సంబంధం చూపాలన్నా, గైడ్ గారి పీఎస్‌యూ సరిగ్గా సరిపోతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు మహిళలుంటే ఎలా అని విడిగా బెంగపడక్కర్లేదు. ఇల్లు ఊరిలోనే ఉంది కాబట్టి పీఎస్‌యూ దగ్గర క్లస్టర్ చేస్తే ఆ సంబంధం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

పథకం దగ్గరికొస్తే కథ మారుతుంది. పథకం ఒక జిల్లాకు వచ్చిందంటే ఆ జిల్లాలోని అన్ని ఊళ్లకూ ఒకేసారి వచ్చింది. మీ `scheme` కాలమ్‌లో వేల వరుసలున్నా, నిజంగా వేరువేరుగా నిర్ణయమైన విలువలు 44 మాత్రమే. పీఎస్‌యూ దగ్గర క్లస్టర్ చేస్తే ప్రతి ఊరికీ పథకం విడిగా పంచినట్టు సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. ఆ అదనపు సమాచారం మీ దగ్గర లేదు.

తేడా ఎంత పెద్దదో మౌల్టన్ సూత్రంతో వేసి చూస్తే మీ స్టార్లు ఎక్కడికి పోయాయో అర్థమవుతుంది. మామూలు ఓఎల్‌ఎస్ వేరియెన్స్‌ను దీనితో హెచ్చించాలి:

```
1 + (m − 1) × ρx × ρe
```

ఇక్కడ m అంటే ఒక్కో క్లస్టర్‌లో సగటున ఎంతమంది ఉన్నారు, ρx అంటే మీ వేరియబుల్ క్లస్టర్ లోపల ఎంత ఒకేలా ఉంది, ρe అంటే రెసిడ్యువల్స్ క్లస్టర్ లోపల ఎంత కలిసి కదులుతున్నాయి. పథకం జిల్లా అంతటా ఒకటే కాబట్టి దానికి ρx విలువ 1.

మీ రెండు రాష్ట్రాల్లో కలిపి ఇంటర్వ్యూ చేసిన మహిళలు సుమారు 38,500 మంది. పీఎస్‌యూకు సుమారు 22 మంది, జిల్లాకు సుమారు 875 మంది పడతారు. ρe విలువలు మీ డేటాలోంచి మీరే తీయాలి. ఇక్కడ లెక్క కోసం ఊరి లోపల 0.06, జిల్లా లోపల 0.02 అనుకుందాం. జిల్లా లోపల పోలిక తక్కువే ఉంటుంది, అది సహజం. ఊరి లెక్కన గుణకం 1 + 21 × 0.06, అంటే 2.26. దాని వర్గమూలం 1.5, కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్ ఒకటిన్నర రెట్లు. జిల్లా లెక్కన 1 + 874 × 0.02, అంటే 18.5. వర్గమూలం 4.3. పీఎస్‌యూ దగ్గర టీ విలువ 4 వచ్చినవారికి జిల్లా దగ్గర అది 1.4కు పడిపోతుంది. మీ మూడు స్టార్లు పోయింది ఇలాగే.

చాలామంది ఇంట్రాక్లాస్ కోరిలేషన్ 0.02 మాత్రమే వచ్చిందని, పట్టించుకోనక్కర్లేదని వదిలేస్తారు. ఆ చిన్న అంకెను 874 హెచ్చిస్తోందని మరిచిపోతారు. 0.005 పెట్టి చూసినా స్టాండర్డ్ ఎర్రర్ రెండు రెట్లు దాటుతుంది.

అదే సూత్రంలో పథకం తీసేసి మహిళ చదువు పెట్టండి. ఒకే ఊళ్లో చదువులు కొంతే పోలి ఉంటాయి. ρx 0.2 అనుకుంటే ఊరి లెక్కన గుణకం 1.25, స్టాండర్డ్ ఎర్రర్ 12 శాతమే పెరుగుతుంది. అంటే "ఈ డేటాకు ఏ క్లస్టర్?" అనే ప్రశ్నకు జవాబు లేదు, "ఈ కోఎఫిషియంట్‌కు ఏ క్లస్టర్?" అనే దానికే ఉంది. ఒకే టేబుల్‌లో రెండూ ఉంటే జిల్లా దగ్గర చేసి వదిలేయండి. చదువు వరుసలో స్టాండర్డ్ ఎర్రర్ అవసరమైనదానికన్నా కాస్త పెద్దగా రావచ్చు, దానివల్ల మీ ప్రధాన వాదనకు నష్టం లేదు. చదువే ముఖ్యమైన పేపర్ అయితే మాత్రం "ఎందుకైనా మంచిదని" జిల్లాకు వెళ్లకండి. రెసిడ్యువల్స్ జిల్లాలో కలిసి కదలడం ఒక్కటే క్లస్టర్ చేయడానికి కారణం కాదని, ఎంపికా పంపకమా అన్నదే చూడాలని 2023లో అబాడీ, ఆథీ, ఇంబెన్స్, వూల్డ్రిజ్ పేపర్ గట్టిగా వాదించింది. ఈ విషయంలో నేను వాళ్ల పక్షమే.

ఇక రాష్ట్రం దగ్గర వచ్చిన చిన్న అంకె. దీన్ని చూసి "ఫలితం ఇంకా బలపడింది" అని రాసిన పేపర్లు రివ్యూకు వస్తూనే ఉంటాయి. క్లస్టర్ స్టాండర్డ్ ఎర్రర్ లెక్క ఇలా నడుస్తుంది: ఒక్కో క్లస్టర్‌లో వేరియబుల్‌నూ రెసిడ్యువల్‌నూ గుణించి మొత్తం కడతారు, ఆ మొత్తాలను వర్గం చేసి కలుపుతారు. కానీ ఓఎల్‌ఎస్ స్వభావం ప్రకారం డేటా అంతటా ఆ మొత్తం సున్నా అయి తీరాలి. క్లస్టర్లు రెండే ఉంటే ఒక దాని మొత్తం రెండోదానికి సరిగ్గా వ్యతిరేకం. రెండూ సున్నాకు దగ్గరగా లాగబడతాయి, వర్గం చేస్తే ఇంకా చిన్నవవుతాయి. క్లస్టర్లు ఎంత తక్కువైతే ఈ కిందికి లాగడం అంత ఎక్కువ. అంటే మీకు కనిపించిన చిన్న స్టాండర్డ్ ఎర్రర్ రెండు క్లస్టర్ల వల్లే వచ్చింది, పథకానికి దానితో పని లేదు. స్టాటా ఇక్కడ ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌తో టీ పంపిణీ వాడుతుంది. అందులో 5 శాతం గీత 1.96 దగ్గర కాదు, 12.7 దగ్గర ఉంటుంది. కోఎఫిషియంట్‌ను స్టాండర్డ్ ఎర్రర్‌తో చేత్తో భాగించి 5 వచ్చిందని స్టార్లు వేసుకున్నా అవి చెల్లవు. రెండు క్లస్టర్లతో ఏ సవరణా పనిచేయదు. రాష్ట్రాల మధ్య తేడా గురించి మీకు బెంగ ఉంటే రాష్ట్రానికి డమ్మీ పెట్టండి, క్లస్టర్ వద్దు.

కోడ్ ఇంతే:

```stata
keep if inlist(v024, 28, 36)
gen wt = v005/1000000
gen anaemic = inlist(v457,1,2,3) if inrange(v457,1,4)
reg anaemic scheme v133 i.v025 i.v024 [pw=wt], vce(cluster sdist)
```

రిజల్ట్ పైన కుండలీకరణంలో వచ్చే వాక్యం తప్పకుండా చదవండి. `adjusted for 44 clusters in sdist` అని ఉండాలి. 43 అనో 45 అనో వస్తే మెర్జ్‌లో ఏదో జారింది. పథకం ఫైల్‌లో ఒక జిల్లా పేరు వేరే స్పెల్లింగ్‌తో ఉండి రాలిపోవడం చాలా మామూలు.

ఇక్కడ చాలామంది `svyset` దగ్గర ఇరుక్కుంటారు. శాతాలు, చదువు లాంటి వాటికి ఇలా రాయడం సరైనదే:

```stata
svyset v021 [pw=wt], strata(v022) singleunit(centered)
```

"జిల్లా కావాలన్నారుగా" అని ఇందులో `v021` తీసేసి `sdist` పెడితే పని చెడుతుంది. స్ట్రాటాలు జిల్లా లోపల ఉన్నాయి, కాబట్టి ప్రతి స్ట్రాటంలోనూ ఒకే "పీఎస్‌యూ" మిగులుతుంది. `singleunit` లేకపోతే స్టాండర్డ్ ఎర్రర్ల చోట చుక్కలు వచ్చి, కింద `stratum with single sampling unit` అని నోట్ కనిపిస్తుంది. పైన చూపినట్టు `singleunit(centered)` ఉంటే చుక్కలు రావు, ఏదో ఒక అంకె వస్తుంది, అది ఇంకా ప్రమాదం. స్ట్రాటాలు వదిలేయండి. వెయిట్ ఉంచి, `reg` లోనే `vce(cluster sdist)` వాడండి. స్ట్రాటాలవల్ల స్టాండర్డ్ ఎర్రర్ సాధారణంగా కొద్దిగా తగ్గేదే, కాబట్టి వదిలేస్తే జాగ్రత్త వైపే తప్పుతారు.

44 క్లస్టర్లు సరిపోతాయా అని మీరు అడగలేదు కానీ రివ్యూయర్ రెండో రౌండ్‌లో అడుగుతారు. మొత్తం 44 అన్నది ఫర్వాలేదు. అసలు చూడాల్సింది పథకం వచ్చిన జిల్లాలు ఎన్ని అన్నది. 15, 20 ఉంటే మామూలు క్లస్టర్ అంకె పక్కన వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ పీ విలువ ఒకటి ఇస్తే చాలు:

```stata
ssc install boottest
boottest scheme, reps(9999) seed(2019)
```

పథకం రెండు మూడు జిల్లాల్లోనే ఉంటే ఇది కూడా చేతులెత్తేస్తుంది. మామూలు క్లస్టర్ స్టాండర్డ్ ఎర్రర్ మరీ చిన్నగా వచ్చి లేని ప్రభావాన్ని ఉందంటుంది. నల్‌ను బలవంతంగా పెట్టే బూట్‌స్ట్రాప్, `boottest` మామూలుగా చేసేది అదే, దేన్నీ తిరస్కరించడానికి ఒప్పుకోదు. ఒకటి 0.001 అని, ఇంకొకటి 0.4 అని వస్తే, మీకు నచ్చింది ఎంచుకోవడం కాదు, పథకం జిల్లాలు మరీ తక్కువన్న సంకేతం అది. అప్పుడు పథకం లేబుల్‌ను రాష్ట్రం లోపల జిల్లాల మధ్య యాదృచ్ఛికంగా మార్చి మార్చి వేసి, మీ అసలు కోఎఫిషియంట్ ఆ గుంపులో ఎక్కడ పడుతుందో చూపండి.

నేను ఏ స్థితిలోనైనా చేసే పరీక్ష ఇంకా మొరటుది. డేటాను జిల్లాకు ఒక వరుసగా కుదించి, 44 వరుసల మీద రిగ్రెషన్ నడపడం:

```stata
preserve
collapse (mean) anaemic v133 (first) scheme v024 [pw=wt], by(sdist)
reg anaemic scheme v133 i.v024, vce(hc3)
restore
```

జిల్లా సగటుల మీద ప్రభావం కనిపించకపోతే, మహిళల స్థాయిలో కనిపించిన మూడు స్టార్లు వరుసల సంఖ్య వల్ల వచ్చినవే. ఈ 44 చుక్కలను గ్రాఫ్‌గా వేసి చూడండి. ఒకటి రెండు జిల్లాలే మొత్తం ఫలితాన్ని మోస్తున్నాయేమో కంటికే తెలుస్తుంది.

ఒక మాట గుర్తుంచుకోండి, ఇవన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు సంబంధించినవి. పథకాన్ని ముందుగా వెనకబడిన జిల్లాలకు ఇచ్చి ఉంటే మీ కోఎఫిషియంటే పక్కకు జరిగి ఉంటుంది. దాన్ని ఏ క్లస్టరూ సరిచేయదు. రివ్యూయర్ ఇంకా ఆ ప్రశ్న వేయలేదంటే మీ అదృష్టం, వేస్తారు.

పథకం నిజానికి జిల్లాకు కాకుండా మండలాలకు పంచారని తేలితే, అసలు స్థాయి మండలం కావాలి. కానీ ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఫైల్‌లో మండలం లేదు. జీపీఎస్ ఫైల్‌తో మండలం కనుక్కుందామని చూడకండి. గోప్యత కోసం ఆ పాయింట్లను కావాలనే జరుపుతారు: పట్టణాల్లో 2 కిలోమీటర్ల వరకు, పల్లెల్లో 5 కిలోమీటర్ల వరకు, కొన్నింటిని 10 వరకూ. పాయింట్ పక్క మండలంలో పడితే మీకు తెలియదు. అప్పుడూ జిల్లా దగ్గరే ఆగడం మంచిది.

చివరగా ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4 కలపడం. అప్పుడు మీ వేరియబుల్ జిల్లా × రౌండ్ స్థాయిలో మారుతుంది, జిల్లా ఫిక్స్‌డ్ ఎఫెక్టులు పెడతారు. "ఫిక్స్‌డ్ ఎఫెక్టులు పెట్టాం కదా, క్లస్టర్ ఎందుకు" అనే ఆలోచన రానివ్వకండి. జిల్లాలో కాలంతో పాటు వచ్చే కుదుపులు ఫిక్స్‌డ్ ఎఫెక్టుకు చిక్కవు. జిల్లా × రౌండ్ దగ్గర కూడా క్లస్టర్ చేయకండి, ఒక జిల్లా రెండు రౌండ్లూ కలిపి ఒకే క్లస్టర్. 2004లో బర్ట్రాండ్, డుఫ్లో, ముల్లైనాథన్ డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ గురించి చూపించిన ప్రమాదం ఇదే.

మన రెండు రాష్ట్రాలకు అసలు తలనొప్పి వేరే ఉంది. 2015-16లో చేసిన ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4లో తెలంగాణకు 10 జిల్లాలే. 2016 అక్టోబరులో విభజించి 31 చేశారు. కాబట్టి `sdistri`, `sdist` కోడ్‌లను నేరుగా అతికిస్తే, పాత వరంగల్ ఒక క్లస్టర్‌గా, కొత్త జిల్లాలు ఇంకొన్ని క్లస్టర్లుగా ఉండి, నిజంగా ఒకటే అయిన ప్రాంతం విడివిడిగా లెక్కలోకి వస్తుంది. ఫిక్స్‌డ్ ఎఫెక్టులు కూడా ఆ ముక్కలకు అర్థం లేకుండా పోతాయి. కొత్త జిల్లాలను వాటి పాత జిల్లాకు తిరిగి చేర్చాలి. అప్పుడు ఆంధ్ర 13, తెలంగాణ 10, మొత్తం 23 క్లస్టర్లు. కొన్ని జిల్లాలు ఒకే పాత జిల్లా నుంచి రాలేదు. సిద్దిపేటలో మెదక్ మండలాలే కాక కరీంనగర్, వరంగల్ మండలాలూ ఉన్నాయి. అలాంటిదాన్ని ఎక్కువ భాగం వచ్చిన పాత జిల్లాకు చేర్చి ఒకసారి, పూర్తిగా తీసేసి ఒకసారి నడపండి. ఆంధ్ర జిల్లాలు 26 అయింది 2022లో, అంటే సర్వే తర్వాత. మీకు ఆ సమస్య లేదు. కానీ పథకం జాబితా కొత్త జిల్లాల పేర్లతో ఉంటే ముందు దాన్ని 13కు మార్చుకోండి.

23 క్లస్టర్లతో బూట్‌స్ట్రాప్ తప్పనిసరి, పథకం ఉన్న పాత జిల్లాలు ఎన్ని మిగిలాయో ముందే లెక్కపెట్టండి. శాతాల టేబుల్ కోసం రెండు రౌండ్లను కలిపి `svyset` చేయాల్సి వస్తే పీఎస్‌యూ నంబరు రౌండ్‌తో జత చేయండి. స్ట్రాటం కూడా అంతే:

```stata
egen psu = group(round v021)
egen str = group(round v022)
```

ఇది చేయకపోతే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4లోని ఒక ఊరూ, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో అదే నంబరు పడిన ఇంకో ఊరూ ఒకే క్లస్టర్‌గా కలిసిపోతాయి. రెండు రౌండ్లలో ఊళ్లను విడివిడిగా ఎంచారు, నంబర్లు కలవడం వట్టి యాదృచ్ఛికం.

టేబుల్ కింద నోట్‌లో ఇలా రాస్తే రివ్యూయర్‌కూ, గైడ్ గారికీ ఇద్దరికీ సరిపోతుంది: "పథకం జిల్లా స్థాయిలో అమలైంది కాబట్టి టేబుల్ 3లో స్టాండర్డ్ ఎర్రర్లు జిల్లా దగ్గర క్లస్టర్ చేశాం (44 జిల్లాలు, వాటిలో పథకం ఉన్నవి ఇన్ని), వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ పీ విలువలు పక్కన ఇచ్చాం. టేబుల్ 1, 2లోని వివరణాత్మక అంచనాలకు సర్వే డిజైన్ ప్రకారం పీఎస్‌యూ, స్ట్రాటా వాడాం." "ఇన్ని" అన్నచోట అసలు సంఖ్య రాయండి, దాన్ని మాత్రం ఖాళీగా వదలకండి.